మా అబ్బా ఒప్పుకున్న మూఢం

మా అబ్బా, అంటే మా నాన్న మీద నాకు కోపం వచ్చిన రోజులన్నీ రాస్తే ఆయన కొలతల పుస్తకమంత అవుతుంది. గర్వపడ్డ రోజులు అన్ని లేవు. కానీ జనగామ కోర్టులో ఆయన బోనెక్కిన రోజు ఒక్కటే తక్కిన కోపాలన్నిటినీ తుడిచిపెట్టేసింది. ఆ రోజు సంగతి చెప్పాలంటే ముందు మా మడిగె సంగతి చెప్పాలి.

మడిగె అంటే కొట్టు, జనగామలో మా కుట్టుపని నడిచే గది. ఒక షటర్, లోపల రెండు మిషన్లు, ఒక కటింగ్ బల్ల, గోడకు అద్దం. ముందు మిషన్ అబ్బాది, మగవాళ్ల బట్టలు. వెనక మిషన్ నాది, జాకెట్లు, డ్రెస్సులు. ఇరవై ఆరేళ్లు ఆ గదికి కిరాయి కట్టాం. బచ్చన్నపేట నుంచి పత్తి అమ్ముకోవడానికి వచ్చిన రైతు కూడా బస్సు దిగి, ఎవరినీ అడగకుండా నేరుగా మా దగ్గరికి వస్తాడు. రెడీమేడ్ బట్టలు వచ్చి సగం మంది దర్జీలను ఇంటికి పంపించాయి. మేం నిలబడ్డామంటే సగం అబ్బా చేతి పని, సగం ఆ చోటు. చోటు పోతే చేతి పనిని వెతుక్కుంటూ ఎవరొస్తారు?

ఆ మడిగె ఓనర్ రిటైర్డ్ టీచరు. బచ్చన్నపేటలో ఎన్నో ఏళ్లు పాఠాలు చెప్పాడు. అబ్బా ఆయన్ని "సార్" అనేవాడు, ఆయన అబ్బాని "భాయ్" అనేవాడు. నెల మొదటి వారం కిరాయికి వచ్చి, చాయ్ తాగి, కటింగ్ బల్ల మీద పేపర్ చదివి వెళ్లేవాడు. కిరాయి ఫోన్లో పంపడం మొదలయ్యాక కూడా చాయ్ కోసం వచ్చేవాడు. పాంటు పొడుగు అర ఇంచు తేడా వస్తే ఊరుకునే మనిషి కాదు. అబ్బాకి అలాంటివాళ్లంటే ఇష్టం.

ఒకరోజు సారే అన్నాడు. "భాయ్, ఈ మడిగె అమ్ముదామనుకుంటున్న. బయటోనికి అమ్మితే నువ్వు పరేషానైతవు. నువ్వే తీసుకో."

మా అమ్మీ పుట్టిల్లు మహబూబాబాద్. అక్కడ స్టేషన్ దగ్గరి పాత ఇల్లు అమ్మి, మా మామయ్యలు అమ్మీ వాటా ఆమె చేతిలో పెట్టారు. అడగకుండానే పెట్టారు, అదీ చెప్పుకోదగ్గ విషయమే. ఆ డబ్బు బ్యాంకులో ఉంది. అమ్మీ మోకాళ్లు పట్టుకుని లేచి, "మడిగె కొను" అంది. అంతే, ఇంట్లో ఇంకో మాట లేదు. మేం ఇంట్లో మాట్లాడుకునేది ఉర్దూ. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను, అమ్మీ గొంతులోని అధికారం మాత్రం ఏ భాషలోనైనా ఒకటే.

అగ్రిమెంట్ దగ్గర నేను మొదటిసారి అడ్డం పడ్డాను. అబ్బా స్టాంపు కాగితం మీద రాసుకుంటే చాలన్నాడు. "సార్ తోటి మనకు రిజిస్ట్రేషన్ల లొల్లెందుకు?" అన్నాడు. నేను వినలేదు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులోనే చేయాలని పట్టుబట్టాను. సారు కూడా కాదనలేదు. ఫోటో దిగాడు, వేలిముద్ర వేశాడు, ధరలో మూడో వంతు బయానాగా, అంటే అడ్వాన్సుగా తీసుకున్నాడు. మిగతాది ఆరు నెలల్లో ఇచ్చి రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి, కొనేవాడు తప్పితే బయానా పోతుంది అని రాశారు. బయటికొచ్చాక అబ్బా నన్ను చూసి, "నీకు అనుమానం ఎక్కువ" అన్నాడు. ఉప్పు తిన్న చోటే అనుమానమేంటని ఆయన ఉద్దేశం. ఆ అనుమానమే తర్వాత మమ్మల్ని కాపాడింది, ఈ మాట ఆయనకు పండగ పండగకీ గుర్తు చేస్తుంటాను.

ఆరు నెలలు నిండడానికి ఇంకా పన్నెండు రోజులున్నాయనగా సారు వచ్చాడు. చేతిలో తెల్ల షర్టు బట్ట. "భాయ్, మూఢం నడుస్తున్నది. మూఢంల రిజిస్ట్రేషన్ చేస్తే నాకు అచ్చిరాదు. జర ఆగుదాం. మూఢం పోయినంక చేసుకుందాం. ఆ దినం ఏసుకునేటందుకు ఇది కుట్టిపెట్టు."

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. మూఢం అంటే ఆకాశంలో శుక్రుడో గురుడో సూర్యుడి దగ్గరికి చేరి కనిపించని రోజులు. అప్పుడు పెళ్లిళ్లు ఉండవు, గృహప్రవేశాలు ఉండవు, ఇళ్లు పొలాలు కొనే అమ్మే వాళ్లు కూడా చాలామంది ఆగుతారు. ఆ రోజుల్లో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ముందు జిరాక్స్ షాపులవాళ్లు ఫోన్లు చూసుకుంటూ కూర్చుంటారు. మాకూ పెళ్లిబట్టలు ఉండవు. అందుకే పంచాంగం మా మతంలో లేకపోయినా మా మడిగెలో ఉంటుంది. మూఢం ఎప్పుడు వస్తుందో, ఎప్పుడు పోతుందో అబ్బాకి నోటికి వచ్చు.

అబ్బా ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా, "అట్లనే సార్, మంచిగ మూఢం పోయినంకనే" అన్నాడు. టేపు తీశాడు, ఛాతీ కొలిచాడు, భుజం కొలిచాడు, పుస్తకంలో రాశాడు. అగ్రిమెంట్ గడువు పొడిగించినట్టు ఒక్క ముక్క రాయించుకోలేదు. కాగితం వెనక రెండు లైన్లు, కింద సంతకం. అంతే పని. చొక్కా కాలరు సైజు పుస్తకంలో రాసిన మనిషికి అది రాయాలని తోచలేదు. నాకూ తోచలేదు, నిజం చెప్పాలి. నేను వెనక మిషన్ మీద హుక్కులు కుడుతూ అంతా విన్నాను. పక్క టీ కొట్టాయన చాయ్ గ్లాసులు తీసుకోవడానికి వచ్చి తనూ విన్నాడు.

గడువు దాటింది. మూఢం ఇంకా పోలేదు. అప్పుడే సారు ఫోన్ చేశాడు. మునిసిపాలిటీలో మడిగె పన్ను రెండేళ్లది బాకీ ఉంది, అది కట్టకుంటే రిజిస్ట్రేషన్ కాదు, "నువ్వు కట్టు భాయ్, మిగిలిన పైసలల్ల పట్టుకో" అన్నాడు. అబ్బా భోజనం మానేసి వెళ్లి కట్టొచ్చాడు. సారు పేరు మీద ఇచ్చిన రశీదును కొలతల పుస్తకంలో సారు పేజీలోనే పిన్ను చేశాడు. చొక్కా కుట్టడం కూడా అయిపోయింది. కాజాలు కుట్టి, గుండీలు వేసి, ఇస్త్రీ చేసి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి గోడకు తగిలించాడు.

మూఢం పోయింది. సారు రాలేదు.

వచ్చింది ఆయన కొడుకు. చెల్పూర్ థర్మల్ ప్లాంటు దగ్గర కాంట్రాక్టులు చేస్తాడు, మాకు అంతకుముందు ముఖ పరిచయం మాత్రమే. సెల్‌ఫోన్ల షోరూం వాళ్లు మా మడిగె, పక్క మడిగె కలిపి అడుగుతున్నారట, మేం ఒప్పుకున్న ధర మీద దాదాపు సగం ఎక్కువ ఇస్తారట. లోపలికి వచ్చి కూర్చోలేదు. షటర్ దగ్గర నిలబడి, "గడువు దాటింది. అగ్రిమెంట్ ఖతం. అయినా మేం అన్యాయం చెయ్యం. బయానా డబుల్ ఇస్తం, రెండు నెలల్ల ఖాళీ చెయ్యండ్రి" అన్నాడు.

"మూఢం అన్నది మీ నాయినే కదా?" అన్నాను నేను.

"ఏడ రాసున్నది?" అన్నాడు.

నా చేతిలో కత్తెర ఉంది. పక్కన పెట్టి మాట్లాడటం మంచిదనిపించి పక్కన పెట్టాను. ఆ తర్వాత నేనన్న మాటలు ఇక్కడ రాయను. టీ కొట్టాయనకు మాత్రం ఇంకా గుర్తున్నాయి, అప్పుడప్పుడు నవ్వుతాడు.

అబ్బా నెమ్మదిగా, "నాకు డబుల్ వద్దు బిడ్డా. మడిగె కావాలె. సార్‌ను ఒకసారి రమ్మను" అన్నాడు. సారు రాలేదు. ఫోన్ కూడా ఎత్తలేదు. ఆ వారమంతా అబ్బా ఇంట్లో సరిగా మాట్లాడలేదు. బయానా పోతుందని కాదు, సార్ రాలేదని. నాకు అది మరీ కోపం తెప్పించింది.

వకీలమ్మ ఇంటికి అబ్బాను తీసుకెళ్లింది నేనే. ఆమె కూతుళ్లిద్దరికీ డ్రెస్సులు నేనే కుడతాను. కాగితాలన్నీ చూసి ఆమె అడిగిన మొదటి ప్రశ్న, "గడువు నాడు మీ దగ్గర మిగతా పైసలు ఉన్నయా?"

"బ్యాంకుల ఉన్నయి" అన్నాడు అబ్బా.

"పాసుబుక్కు తెండ్రి. ఇల్లు జాగల అమ్మకంల గడువు దాటినంత మాత్రాన ఒప్పందం చచ్చిపోదు. కానీ కొనేటోడు మొదటిదినం నుంచి తీర్పు దాకా తయారుగ ఉన్నడని మనమే రుజువు చెయ్యాలె. పైసలు ఉండాలె, మనసూ ఉండాలె. రెండిట్ల ఏది లేకపోయినా కేసు పాయె. ఆ పైసలు ముట్టుకోవద్దు."

ఆమె ముందు నోటీసు పంపింది. జవాబు వచ్చింది. కొనేవాడు గడువులోగా డబ్బు తేలేదు కాబట్టి ఒప్పందం రద్దు, బయానా కూడా తమదే అని రాశారు. మొన్న డబుల్ ఇస్తామన్న నోరే! అప్పుడు దావా వేశాం. ఒప్పుకున్న పని చేయించమని అడిగే దావా, కోర్టువాళ్లు స్పెసిఫిక్ పర్ఫార్మెన్స్ అంటారు. కోర్టు ఫీజు అమ్మకం ధర మొత్తం మీద కట్టాలంటే అమ్మీ బంగారు గాజులు రెండు బ్యాంకులో తాకట్టుకు వెళ్లాయి, బ్యాంకులోని డబ్బు ముట్టుకోకూడదు కాబట్టి.

దావాలో ఇంకో మాట కూడా రాయాలంది వకీలమ్మ. ఒకవేళ కోర్టు మడిగె ఇప్పించకపోతే కనీసం బయానా అయినా తిరిగి ఇప్పించాలని అడగాలి, ఇప్పుడు అడక్కపోతే తర్వాత అదీ రాదు. అబ్బాకి నచ్చలేదు. "నేను పైసలడుగుతలేను గద" అన్నాడు. "అడగకుంటే మీకే నష్టం" అని ఆమె గట్టిగా చెబితే ఒప్పుకున్నాడు. కిరాయి కూడా ఆపొద్దంది. రిజిస్ట్రేషన్ అయ్యేదాకా మనం కిరాయిదారులమే, అది కట్టకపోతే ఖాళీ చేయించడానికి మనమే దారి చూపినట్టు. ప్రతి నెలా మొదటి వారంలో సారు ఫోనుకు కిరాయి పంపాను. ప్రతిసారీ తిట్టుకుంటూనే పంపాను.

షోరూం వాళ్లు ఈసీ తీయించుకున్నారు. ఆస్తి మీద ఏయే రిజిస్ట్రేషన్లు జరిగాయో చెప్పే కాగితం అది. అందులో మా అగ్రిమెంట్ కనిపించింది. తెలిసి కొంటే దావా తమ మెడకూ చుట్టుకుంటుందని వెనక్కి తగ్గారు. కోర్టు కూడా కేసు తేలేదాకా ఎవరికీ అమ్మొద్దు, మమ్మల్ని కదపొద్దు అని ఉత్తర్వు ఇచ్చింది. ఆ రోజు అబ్బా నాకు మిర్చి బజ్జీలు కొనిచ్చాడు. "నీ అనుమానానికి" అన్నాడు.

ఆ తర్వాత వాయిదాలు. గెలిచినోడు ఇంటికొచ్చి ఏడుస్తాడు, ఓడినోడు కోర్టులోనే ఏడుస్తాడు అని ఊరికే అనలేదు. మూడేళ్లు నడిచింది. ఆ మూడేళ్లూ బ్యాంకులో డబ్బు ఉంది, మేం మాత్రం లేనివాళ్లం. నా మిషన్ మోటారు కాలిపోతే కొత్తది కొనలేదు, కాలితో తొక్కాను. అమ్మీ మోకాళ్లకు హైదరాబాద్‌లో ఆపరేషన్ అన్నారు. సర్కారు దవాఖానలో గోలీలు తెచ్చుకుని నెట్టుకొచ్చింది. "మడిగె అయినంక మోకాళ్లు" అనేది. పాసుబుక్కులో ఆ అంకె ఒక్క రూపాయి కూడా తగ్గలేదు. దీని గురించి ఎవరూ మమ్మల్ని మెచ్చుకోలేదు, కాబట్టి నేనే మెచ్చుకుంటున్నాను.

అబ్బా సాక్ష్యం ఇంకో వారం ఉందనగా నేనొక తప్పు ఆలోచన చేశాను. వేరే కేసుల్లో ఏం జరుగుతుందో విన్నాను. కొనేవాళ్లు గడువు చివరి రోజు డబ్బుతో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లి సాయంత్రం దాకా కూర్చుంటారు, అమ్మేవాడు రాలేదని ఆ రోజే టపాలో తెలియజేస్తారు. అది గట్టి సాక్ష్యం. మేం వెళ్లలేదు. "వెళ్లినం అని చెప్పు అబ్బా. సారు రాలేదని చెప్పు. ఎవరు చూసిన్రు?" అన్నాను.

అబ్బా మిషన్ ఆపాడు. "కుట్టు ఏడ తప్పితే ఆడనే ఇప్పాలె బిడ్డా. పక్కన ఇంకో కుట్టేస్తే ముడతొస్తది" అన్నాడు. మళ్లీ తొక్కడం మొదలుపెట్టాడు. నాకు సిగ్గేసింది, సిగ్గు కంటే ఎక్కువ కోపమొచ్చింది. ఓడిపోయేలా ఉన్నప్పుడు నీతులు ఎవరికి కావాలి?

వకీలమ్మకు చెబితే ఆమె నా వైపు ఒక చూపు చూసి, "అబద్ధం నేను రాయ. మీ నాయిన దగ్గర నిజం ఇంకేమన్న మిగిలిందా చూడు" అంది. ఆ సాయంత్రం కొలతల పుస్తకాలు బల్ల మీద గుమ్మరించాం. సారు పేజీలో తుప్పు పట్టిన పిన్నుతో మునిసిపాలిటీ రశీదు బయటపడింది. తారీఖు చూశాను. గడువు దాటిన తొమ్మిదో రోజు.

"ఇది ముందెందుకు చెప్పలేదు?" అని అరిచాను.

"సార్ అడిగిన పని చేసిపెట్టిన. అది గూడ కోర్టుల చెప్పుకుంటరా?" అన్నాడు అబ్బా.

వకీలమ్మ రశీదు చూసి కుర్చీలోంచి లేచింది. గడువు దాటాక కూడా ఆ ఒప్పందం కిందే అమ్మేవాడు పన్ను కట్టించుకున్నాడంటే, ఒప్పందం బతికే ఉందని ఆయనే ఒప్పుకున్నట్టు. ఆలస్యంగా దొరికిన కాగితం కాబట్టి కోర్టు అనుమతి అడిగి దాఖలు చేసింది.

ఇక ఆ రోజు. అబ్బా తను కుట్టుకున్న గోధుమరంగు సఫారీ వేసుకున్నాడు. నేను వెనక బెంచీ మీద కూర్చున్నాను. సారు, ఆయన కొడుకు అవతలి బెంచీ మీద. సారు మా వైపు చూడలేదు. అవతలి వకీలు పెద్దాయన, గొంతు గట్టిది.

"గడువు రోజున మీరు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లారా?"

"పోలే సార్."

నేను వకీలమ్మ వైపు చూశాను.

"గడువు పొడిగించినట్టు కాగితం ఏమైనా ఉందా?"

"లేదు సార్."

"మూఢం వల్ల వాయిదా వేశామంటున్నారు. మీరు ముస్లిం కదా?"

"అవును సార్."

"మీకు మూఢం ఉంటుందా? మీరు నమ్ముతారా?"

"నాకు లేదు సార్."

"మీకు నమ్మకమే లేని మూఢం కోసం ఆగారంటే ఎవరు నమ్ముతారు? డబ్బు లేక ఆగి, ఇప్పుడు మూఢం కథ చెబుతున్నారు. అంతేనా?"

అబ్బా ఆయన వైపు కాకుండా జడ్జి వైపు తిరిగాడు. గొంతు పెంచలేదు. మా మడిగెలో గిరాకీతో ఎలా మాట్లాడతాడో అలాగే అన్నాడు. "మూఢం నాది గాదు సార్, ఆయినది. అమ్మేది ఆయిన. ముప్పై ఏండ్ల సంది ఎవరి బట్ట కుడితే వాళ్ల కొలతే తీస్తున్న. నా కొలత పెట్టి వాళ్ల బట్ట కుట్టలే. పైసలు బ్యాంకుల ఉన్నయి. ఆయిన ఆగుమన్నడు, ఆగిన."

జడ్జి తలెత్తి అబ్బాను చూసి, చెప్పింది చెప్పినట్టు రాయించాడు. అవతలి వకీలు ఇంకా నాలుగు ప్రశ్నలు అడిగాడు కానీ ఆ గొంతు మునుపటిలా లేదు. నాకు లేచి నిలబడి, ఆయన మా అబ్బా అని అందరికీ చెప్పాలనిపించింది. కోర్టులో అరిస్తే బయటికి పంపిస్తారని కూర్చున్నాను. కళ్లు మాత్రం నా మాట వినలేదు.

టీ కొట్టాయన కూడా వచ్చి, ఆ రోజు తను విన్నది విన్నట్టు చెప్పాడు. తర్వాతి వాయిదాల్లో సారు బోనెక్కాడు. వకీలమ్మ రశీదు చేతికిచ్చి అడిగింది. "ఈ పన్ను ఏ ఆస్తిది?"

"నా మడిగెది."

"కట్టింది ఎవరు?"

"భాయ్."

"ఎవరు కట్టమంటే కట్టారు?"

సారు రశీదును అటూ ఇటూ తిప్పి చూశాడు. కొడుకు బెంచీ మీద కదిలాడు. "నేనే" అన్నాడు సారు.

"గడువు దాటి ఒప్పందం రద్దయిందంటున్నారు. రద్దయిన ఒప్పందానికి పన్ను ఎందుకు కట్టించారు?"

ఆయన రశీదును తిరిగి ఆమె చేతికిచ్చేశాడు. అబద్ధం ఆడొచ్చు, ఆడలేదు. ఎంతైనా బడిపంతులు. ఆయన మీద నాకున్న కోపం అక్కడ కొంచెం తగ్గింది, అబ్బాతో మాత్రం చెప్పలేదు.

తీర్పు మావైపే వచ్చింది. అబ్బా మొదటి నుంచీ సిద్ధంగానే ఉన్నాడని, ఆలస్యం అమ్మేవాడు అడిగినదేనని జడ్జి రాశాడు. రెండు నెలల్లో మిగతా డబ్బు కోర్టులో జమ చేయాలి, ఆ తర్వాత సారు రిజిస్ట్రేషన్ చేసివ్వాలి, చేయకపోతే కోర్టే చేయిస్తుంది. రెండు నెలలు టైముంటే అబ్బా వారంలో జమ చేశాడు. పన్ను డబ్బు అందులోంచి పట్టుకుందామంటే ఒప్పుకోలేదు. "పూర్తిగ కట్టు. మళ్ల గీంత తక్కువైందంటరు" అన్నాడు. ఈసారి అనుమానం ఆయనది.

అప్పీలు వేస్తారేమోనని భయపడ్డాం, వేయలేదు. రిజిస్ట్రేషన్‌కూ రాలేదు. వకీలమ్మ అమలు పిటిషన్ వేసింది. ఇక సారు సంతకంతో పనిలేదు, ఆయన బదులు కోర్టు మనిషే సంతకం పెడతాడు. ఆ నోటీసు అందిన మూడో రోజు మధ్యాహ్నం మా షటర్ ముందు ఒక ఆటో ఆగింది. సారు ఒక్కడే దిగాడు. బాగా చిక్కిపోయాడు. గుమ్మం దగ్గర నిలబడ్డాడు, లోపలికి రాలేదు.

అబ్బా స్టూలు తుడిచి, "రా సార్, కూసో" అన్నాడు. మూడేళ్ల సంగతి ఏమీ లేనట్టే అన్నాడు. నేను మిషన్ ఆపలేదు.

సారు కూర్చున్నాడు. "భాయ్, సంతకం నేనే పెడ్త. నేను బతికుండంగ నా ఆస్తికి ఇంకొకలు సంతకం పెట్టుడు నాకు నామోషి" అన్నాడు. తర్వాత బల్ల మీద దారపు ముక్కలు ఏరుతూ, గొంతు తగ్గించి, "కానీ మళ్ల మూఢమే నడుస్తున్నది. ఇరవై దినాలైతే పోతది. జర ఆగుతవా?" అన్నాడు.

నా మిషన్ దానంతట అదే ఆగింది. సూది విరిగింది కూడా.

"అబ్బా!" అన్నాను. ఆ ఒక్క పిలుపులో మూడేళ్ల వాయిదాలు, అమ్మీ మోకాళ్లు, కాలిపోయిన మోటారు అన్నీ ఉన్నాయి.

అబ్బా నన్ను చేత్తో ఆగమని, వకీలమ్మకు ఫోన్ చేశాడు. "అమ్మా, ఇరవై దినాలు ఆగితే మనకేమన్న నష్టమా?" పైసలు కోర్టులో ఉన్నాయి, తీర్పు చేతిలో ఉంది, నష్టం లేదు, కానీ నోటిమాట మీద మాత్రం ఆగొద్దు అంది ఆమె. అబ్బా ఫోను పెట్టేసి, కొలతల పుస్తకం తీశాడు. సారు పేజీ తెరిచాడు. పాత కొలతలు, పిన్ను గుచ్చిన తుప్పు మరక. కింద ఖాళీ ఉంది. పెన్ను మూత తీసి సారు ముందు పెట్టాడు.

"ఆగుత సార్. ఈసారి రాసియ్యి."

సారు పెన్ను తీసుకున్నాడు. వంగి రాస్తున్నంతసేపు అబ్బా గోడ మీద ప్లాస్టిక్ కవరు దింపి, దుమ్ము తుడిచి, తెల్ల చొక్కా బయటికి తీశాడు. సారు రాయడం అయిపోయాక టేపు మెడలోంచి తీసి, "లేవు సార్, కొలత మారినట్టుంది. భుజం తియ్యాలె" అన్నాడు. సారు చేతులు కొంచెం ఎడంగా పెట్టి నిలబడ్డాడు. అబ్బా ఆయన భుజం కొలుస్తుంటే సారు మొహం అద్దంలో కనిపించింది. నేను చూపు తిప్పుకున్నాను.

వకీలమ్మ ఇంకో కాగితం రాసి, ఇద్దరి సంతకాలతో కోర్టులో ఇచ్చింది. ఇరవై రెండో రోజున సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్ట్రేషన్ అయింది. సారు ఆ చొక్కాతోనే వచ్చాడు. భుజం సరిగ్గా కూర్చుంది. కొడుకు రాలేదు. ఆ నెల నుంచి కిరాయి పంపడం మానేశాను. మొదటి తారీఖున అలవాటుగా ఫోన్ తీసి, నవ్వుకుని లోపల పెట్టుకున్నాను. అమ్మీ మోకాళ్లకు ఇప్పుడు డబ్బు కూడబెడుతున్నాం.

దస్తావేజు ఇంట్లో బీరువాలో ఉంది. కొలతల పుస్తకం మాత్రం మడిగెలోనే ఉంది, ఎవరైనా అడిగితే తీసి చూపిస్తాను. అడక్కపోయినా చూపిస్తాను. కాలరు పద్నాలుగున్నర, చెయ్యి ఇరవై మూడు అన్న అబ్బా అంకెల కింద, బడి బోర్డు మీద రాసినట్టు గుండ్రటి అక్షరాల్లో సారు చేతిరాత ఉంటుంది. తారీఖు వేసి, సంతకం పెట్టి రాశాడు: "మూఢం నాది. అప్పుడు గూడ నేనే ఆగుమన్న, ఇప్పుడు గూడ నేనే ఆగుమంటున్న. భాయ్ అప్పుడూ తయారే, ఇప్పుడూ తయారే."